ఉయ్యాల పక్కన చదివే మాటలు: బారసాలకు మేనత్త ఆశీర్వచనం రాసే పద్ధతి

మా తమ్ముడికి పాప పుట్టిన ఐదో రోజున ఫోను వచ్చింది. పదకొండో రోజున బారసాల చేస్తున్నామని, నాకు సెలవు దొరకదని తనకు తెలుసని, అందుకని నాలుగు మాటలు రాసి పంపమని చెప్పాడు. "ఉయ్యాలలో వేశాక నీ మాటలు నేనే చదువుతానక్కా, మేనత్త లోటు తెలియకూడదు" అన్నాడు. మా ఇళ్ళలో పాపను ఉయ్యాలలో వేసేది మేనత్తే. నేను వెళ్ళలేకపోతే పెద్దత్త కూతురు వేస్తుంది, మాట మాత్రం నాది ఉండాలని వాడి పట్టు.

ఆ రాత్రే కూర్చుని పది నిమిషాల్లో రాసేశాను. మా పెదనాన్నకు ఫోనులో చదివి వినిపించాను. ఆయన పూర్తిగా విని, "ఎవరి పెళ్ళికి రాశావే ఇది?" అని అడిగారు. అప్పుడు రాసినది ఇది:

"చి.ల.సౌ. వాహినికి, ముద్దులొలికే బంగారు బొమ్మా, మా ఇంటి మహాలక్ష్మీ! నీకు ఎలాంటి కష్టాలు, రోగాలు, బాధలు రాకూడదు. పెద్ద డాక్టరువై అమ్మానాన్నలకు పేరు తేవాలి. ఆకాశమంత ఎత్తుకు ఎదగాలి. మీ పాప భవిష్యత్తు బంగారు బాట కావాలని కోరుకుంటూ, దీర్ఘసుమంగళీ భవ. ఇట్లు, మీ మేనత్త."

ఇందులో ఏ తప్పు ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేశానో వరసగా చెబుతాను. నా రాత మేనకోడలికి సంబంధించినది. మేనమామలకు, అమ్మమ్మలకు, నాన్నమ్మలకు ఎక్కడ మార్చుకోవాలో చివర్లో ఉంది.

మొదట అడిగి తెలుసుకోవలసినవి

రాయడానికి ముందు ఫోను చేసి కొన్ని సంగతులు కనుక్కోండి. మొదటిది పేరు. నామకరణంలో ఒక్క పేరే ఉండదు. జన్మ నక్షత్రపు పాదాన్ని బట్టి వచ్చే అక్షరంతో ఒకటి, ఇంటి దేవుడిదో తాతముత్తాతలదో మరొకటి, అందరూ పిలుచుకునేది ఇంకొకటి, ఇలా రెండు మూడు ఉంటాయి. మా పాపది రోహిణి రెండో పాదం. రోహిణికి ఓ, వా, వీ, వూ అనే అక్షరాలు వరసగా నాలుగు పాదాలకు. రెండో పాదానికి "వా" వచ్చింది, దాంతో "వాహిని" కుదిరింది. అంటే మా పాపకు నక్షత్రపు అక్షరమూ పిలిచే పేరూ ఒకటయ్యాయి. అందరికీ అలా కుదరదు. కొన్ని కుటుంబాల్లో జన్మనామాన్ని తల్లిదండ్రులు, పురోహితుడు తప్ప బయటికి చెప్పరు. కాబట్టి దీవెనలో ఏ పేరు వాడాలో వాళ్ళనే అడగాలి. మనకు పంచాంగం చూడటం వచ్చు కదా అని సొంతంగా లెక్క కట్టి రాయకూడదు.

రెండోది ఆ పేరు ఎప్పుడు బయటపడుతుందన్నది. తండ్రి పళ్ళెంలో పోసిన బియ్యంలో బంగారు ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పిన తరువాతే అది అందరిదీ అవుతుంది. అంతకుముందే పేరు రాసి పంపిన దీవెన ఇంటి వాట్సాప్ గ్రూపులో కనిపిస్తే, పళ్ళెం చుట్టూ చేరిన వాళ్ళు చూడటానికి ఇంకేమీ మిగలదు. నాకు తమ్ముడు పేరు చెప్పేటప్పుడే "అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు" అన్నాడు. అంటే వాళ్ళ అత్తగారికి. నేను రాసినది నేరుగా వాడికే పంపాను.

మూడోది ఎవరు చదువుతారు, ఎక్కడ నిలబడి చదువుతారు అన్నది. కార్డు మీద అచ్చయ్యే దీవెన వేరు, ఉయ్యాల పక్కన గొంతెత్తి చదివే దీవెన వేరు. కార్డును ఒక్కరే నింపాదిగా చదువుకుంటారు. ఉయ్యాల పక్కన అయితే నలభై మంది, వంట దగ్గర చప్పుడు, ఏడుస్తున్న పాప, పురోహితుడికి మరో ఇంట్లో ముహూర్తం. అక్కడ ఒక నిమిషానికి మించి ఎవరూ వినరు. నేను గడియారం పెట్టుకుని చదివితే నింపాదిగా నిమిషానికి తొంభై మాటలు వచ్చాయి. అందుకని తొంభై మాటలు దాటకూడదని గిరి గీసుకున్నాను.

పేరు రాసేటప్పుడు అక్షరాలు కూడా అడిగి రాసుకోండి. ఫోనులో "వాహిని" అన్నది "వాహీని" అని వినిపించవచ్చు. అచ్చులో ఒక దీర్ఘం తప్పుపడితే దాన్ని ఆ అమ్మాయి జీవితాంతం చూసుకుంటుంది.

సంబోధన: చి. ఒక్కటే చాలు

నా మొదటి తప్పు మొదటి మాటలోనే ఉంది. "చి.ల.సౌ." అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పెళ్ళి శుభలేఖలో వధువు పేరుకు ముందు రాసేది అది. "సౌభాగ్యవతి" అనే మాట సుమంగళికి చెందినది, కాబట్టి పదకొండు రోజుల పాపకు అది సరిపోదు. పెదనాన్న "ఎవరి పెళ్ళికి" అన్నది అందుకే. పాప అయినా బాబు అయినా "చిరంజీవి" ఒక్కటే సరిపోతుంది. పూర్తిగా రాస్తే చదివేవాళ్ళకు తేలిక. "చి." అని పొట్టిగా రాస్తే మైకు ముందు కొందరు "చి" అని ఆపేస్తారు, అది వినడానికి బాగుండదు.

ఇదే తప్పు నా ఆఖరి మాటలోనూ ఉంది. "దీర్ఘసుమంగళీ భవ" అన్నది పెళ్ళయిన స్త్రీ పెద్దల కాళ్ళకు దండం పెట్టినప్పుడు ఇచ్చే దీవెన. చంటిపిల్లకు అది చెప్పకూడదు. ఇక్కడే చాలామంది చేసే మరో పొరపాటు ఉంది. "దీర్ఘాయుష్మాన్ భవ" మగపిల్లవాడికి, "దీర్ఘాయుష్మతీ భవ" ఆడపిల్లకు. "ఆయుష్మాన్ భవ", "ఆయుష్మతీ భవ" కూడా అంతే. సంస్కృతంలో ఆ మాటకు లింగం ఉంది. పాపను "ఆయుష్మాన్" అంటే వాడుకలో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, సంస్కృతం తెలిసిన ఒక్క పెద్దాయన ఉన్నా మనకు వినిపించేలా సరిచేస్తాడు. మా ఇంట్లో అలాంటి వాళ్ళు ఇద్దరున్నారు.

లింగం గొడవ లేని దీవెన కావాలంటే "శతమానం భవతి" ఉంది. వేదాశీర్వచనంలోని ఆ వాక్యంలో మానం అంటే కొలత, శతం అంటే నూరు. ఆయుష్షు నూరేళ్ళ కొలత పొందాలన్నది భావం. పాపకూ బాబుకూ ఒకే విధంగా చెప్పవచ్చు. నేను దాన్నే తీసుకున్నాను. మంత్రం మొత్తం రాయలేదు. స్వరంతో చెప్పవలసినదాన్ని పురోహితుడు అప్పటికే చెప్పి ఉంటాడు, దాన్ని మళ్ళీ నా తమ్ముడు కాగితం చూసి చదివితే వెలితిగానే ఉంటుంది.

ఇంకో సంగతి. దీవెన మొదటి నుంచి చివరి దాకా ఒక్కరితోనే మాట్లాడాలి. నా రాతలో "నీకు కష్టాలు రాకూడదు" అని మొదలై "మీ పాప భవిష్యత్తు" అని ముగిసింది. ముందు పాపతో మాట్లాడి, మధ్యలో తమ్ముడి వైపు తిరిగానన్నమాట. పాపతో మాట్లాడటమే మేలు. ఆమెకు ఇప్పుడు అర్థం కాదు, కానీ ఆ కాగితం దాచి ఉంచితే పదిహేనేళ్ళకు చదువుకునేది ఆమే. "మీరు" వద్దు, "నువ్వు" అనండి. "తల్లీ", "బంగారూ", "చిట్టీ" లాంటి మాట ఒక్కటి చాలు. నేను మొదట "ముద్దులొలికే బంగారు బొమ్మా, మా ఇంటి మహాలక్ష్మీ" అని రెండు పెట్టాను. రెండూ ఎవరి పాపకైనా సరిపోతాయి కాబట్టి మా పాపకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. పైగా చంటిపిల్ల రంగునీ బొద్దుతనాన్నీ పదిమందిలో పొగిడితే పాప నానమ్మ వరస వాళ్ళెవరో వెంటనే ఉప్పు దిగదుడవడానికి లేస్తారు. దిష్టిని నమ్మినా నమ్మకపోయినా, ఆ పూట నమ్మేవాళ్ళ మధ్యనే చదువుతున్నామని గుర్తుంచుకోవాలి.

తథాస్తు దేవతలు వింటారు

రెండో వాక్యం గురించి పెదనాన్న ఎక్కువ సేపు మాట్లాడారు. "కష్టాలు, రోగాలు, బాధలు రాకూడదు" అన్నాను. మంచి ఉద్దేశంతోనే అన్నాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఆ వాక్యంలో చెవిలో పడే మాటలు ఏవి? కష్టం, రోగం, బాధ. ‘కూడదు’ అన్నది చివరన వస్తుంది, అప్పటికి తథాస్తు అనేశారు."

ఇది ఒక్క ఆయన చాదస్తం కాదు, తెలుగు ఇళ్ళలో మాట నడిచే తీరే అది. బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. నల్లపూసలు తెగితే పెరిగాయంటారు. గుమ్మం దాటేటప్పుడు పోతున్నానని అనరు, వెళ్ళొస్తానంటారు. శుభవేళ నోటి నుంచి లేమి రాకుండా మాటను తిప్పి చెప్పడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. దీవెన రాసేటప్పుడు దీన్నే పద్ధతిగా వాడుకోవచ్చు. రాసినదంతా ఒకసారి చూసి "కాకూడదు, రాకూడదు, లేకుండా, మరవకు, వద్దు" ఉన్న చోటల్లా గీత గీయండి. గీత గీసిన ప్రతి వాక్యాన్నీ ఉన్నదాన్ని కోరే వాక్యంగా మార్చండి.

"రోగాలు రాకూడదు" అన్నదాన్ని "ఆరోగ్యంగా ఉండు" అని మార్చడం తేలిక, కానీ అది చప్పగా ఉంది. చంటిపిల్ల ఆరోగ్యం అంటే ఇంట్లో కంటికి కనిపించేది ఏమిటి? పాలు తాగుతుంది, నిద్రపోతుంది, కాళ్ళు ఆడిస్తుంది. అందుకని "కడుపునిండా తిను, కంటినిండా నిద్రపో" అని రాశాను. "నిండు నూరేళ్ళు" కూడా అదే "నిండు" కుటుంబంలోది, కాబట్టి మూడూ ఒక వరసలో చెవికి ఇంపుగా వచ్చాయి. ప్రాస కోసం నేను చేసిన శ్రమ అంతే. ప్రతి వాక్యం చివరా ప్రాస కుదిర్చితే దీవెన ప్రచార నినాదంలా వినిపిస్తుంది.

"డాక్టరువై పేరు తేవాలి" అన్నదాన్ని పూర్తిగా కొట్టేశాను. అది పాప మీద పెట్టే బరువు, దీవెన అనిపించుకోదు. కోరికలు మూడుకు మించకుండా చూసుకోండి. ఎక్కువైతే వినేవాళ్ళకు జాబితా వింటున్నట్టు ఉంటుంది.

పేరును విప్పడం

సంప్రదాయానికీ సొంతదనానికీ మధ్య మీకు దొరికే మంచి వంతెన బిడ్డ పేరే. ఆ రోజు జరిగేదే పేరు పెట్టడం కదా. కానీ నిఘంటువు చూడకుండా పేరుకు అర్థం చెప్పకండి. "వాహిని" అంటే నది అని నాకు తెలుసు. నిఘంటువు తిప్పితే సేన అనే అర్థం కూడా ఉంది. రెండూ సరైనవే, దీవెనలో మాత్రం ఏది కావాలో మనమే ఎంచుకోవాలి. పురాణాల్లోని పేరైతే అర్థంతో పాటు కథ కూడా చూడాలి. వేదవతి చాలా అందమైన పేరు, కానీ రామాయణంలో ఆమె రావణుడి వల్ల అవమానపడి అగ్నిలో దూకింది. "వేదవతిలా ఉండు" అని రాస్తే కథ తెలిసిన వాళ్ళు ఉలిక్కిపడతారు. అలాంటి చోట కథ జోలికి పోకుండా పేరులోని మాటకే అర్థం చెప్పాలి.

గృహ్యసూత్రాలు ఆడపిల్ల పేరుకు బేసి సంఖ్య అక్షరాలు ఉండాలంటాయి. వా-హి-ని మూడు అక్షరాలు, కాబట్టి మా పెదనాన్న సంతోషించారు. ఈ సంగతిని దీవెనలో పెట్టాలని నాకూ ఆశ కలిగింది, పెట్టలేదు. తెలిసినదంతా చెప్పడానికి అది చోటు కాదు.

పేరు వెనక కారణం ఉంటే అది అర్థం కన్నా విలువైనది. మా అమ్మ పేరు గోదావరి. కోనసీమలో గోదావరి పాయ పక్కన పుట్టిందని ఆ పేరు పెట్టారట. అమ్మ పేరే పెట్టాలని తమ్ముడి కోరిక, ఈ కాలపు పిల్లకు అది పెద్దదవుతుందని మరదలి అభ్యంతరం. రోహిణి రెండో పాదం ఇచ్చిన "వా" వాళ్ళిద్దరినీ కలిపింది. నది ఉండిపోయింది, పేరు మారింది. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఇలాంటిది ఒకటి దొరికిందా, సగం దీవెన దొరికినట్టే. దొరకడానికి అడగాల్సిన ప్రశ్న "ఈ పేరుకు అర్థం ఏమిటి" అన్నది కాదు, "ఈ పేరు ఎలా కుదిరింది" అన్నది.

ఒక వస్తువు

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ మాటను ఉయ్యాల పక్కన ఎలా చెప్పాలన్నది నాకు అన్నిటికన్నా కష్టమైంది. పెళ్ళి శుభలేఖలో తాతల పేర్లకు ముందు "కీ.శే." వేస్తారు, అది అచ్చులో ఉంటుంది, గొంతుతో పలకరు. ఉయ్యాల పక్కన "ఈ రోజు మా అమ్మ ఉంటే" అని చదవగానే మా తమ్ముడి గొంతు ఆగిపోతుంది, ఆ తరువాత ఎవరూ మిగతా వాక్యాలు వినరు. లేరన్న మాట చెప్పకుండా, ఆవిడ చేసిన ఒక పని చెప్పాలి. దానికి ఒక వస్తువు ఆధారంగా దొరికితే మేలు.

నేను పాపకు పంపుతున్నది వెండి ఉగ్గుగిన్నె. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెతోనే అమ్మ మా ఇద్దరికీ ఉగ్గు పట్టింది. దాని అంచు మీద ఒక సొట్ట ఉంది. తమ్ముడికి ఏడాది నిండని రోజుల్లో ఒక పొద్దున ఉగ్గు వద్దని గిన్నెను లాక్కుని గచ్చు మీదకు విసిరాడు. నాకు ఏడేళ్ళు, అక్కడే ఉన్నాను. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె తీసి, నీళ్ళతో కడిగి, మళ్ళీ ఉగ్గు కలుపుకుని వచ్చి కూర్చుంది. వెండి పని చేసే ఆయన ఒకసారి ఆ సొట్ట తీసేస్తానంటే అమ్మ వద్దంది.

మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉండకపోవచ్చు. పాత చీర చింపి కుట్టిన బొంత ఉంటుంది, మొలతాడు ఉంటుంది, వెండి కడియం ఉంటుంది, ఏమీ లేకపోతే ఉయ్యాల కట్టిన దూలం ఉంటుంది. ఆ వస్తువు మీద పడిన గుర్తు ఒకటి చూడండి, అది ఎలా పడిందో చెప్పండి. "మీ నాన్నమ్మ ఎంతో ప్రేమమయి" అని రాయడం కన్నా గిన్నె తీసి కడిగిందని రాస్తే పాపకు ఆవిడ ఎక్కువ తెలుస్తుంది. ఒక్క వస్తువు చాలు. నేను ముందు ఉగ్గుగిన్నెతో పాటు అమ్మ తులసికోట గురించి కూడా రాశాను. అప్పుడు రెండూ పలచబడ్డాయి. తులసికోటను తీసేశాను.

చివరి మాట దగ్గర అక్షతలు పడతాయి

దీవెన ముగింపు రాసేటప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో ఊహించండి. పెద్దలందరి గుప్పిట్లో అక్షతలు ఉంటాయి. విరగని బియ్యాన్ని పసుపు, నెయ్యితో కలిపి చేసినవి. అక్షతం అంటేనే విరగనిది, అందుకే నూకలు కలవకుండా ఏరుతారు. ఆశీర్వచనం ముగిసిందని తెలియగానే అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. అంటే ఏది ముగింపో వాళ్ళకు తెలియాలి. నా మొదటి రాతలో "దీర్ఘసుమంగళీ భవ" తరువాత "ఇట్లు, మీ మేనత్త" అని ఉంది. అక్షతలు "భవ" దగ్గరే పడిపోతాయి, "ఇట్లు" గాలిలో మిగిలిపోతుంది. కాబట్టి రాసినవాళ్ళు ఎవరన్నది మొదటి వాక్యంలోనే చెప్పేయాలి, చివరి మాట అందరికీ తెలిసిన ఆశీర్వచనం కావాలి, దాని తరువాత ఇంకేమీ ఉండకూడదు.

ఇవన్నీ సరిచేశాక తయారైనది ఇది.

"చిరంజీవి వాహినికి, నీ మేనత్త దీవెన.

తల్లీ, ఈ పూట మీ నాన్న బియ్యంలో రాసిన పేరుకు ప్రవహించేది అని అర్థం. మీ నాన్నమ్మ పేరు గోదావరి. అంత పెద్ద నదిని మీ అమ్మానాన్నలు నీ ఉయ్యాలలో పట్టేంత చిన్న పేరు చేసి నీకు ఇచ్చారు.

నీకు పంపిన ఉగ్గుగిన్నె అంచు తడిమి చూడు, ఒక సొట్ట తగులుతుంది. నీ అంత ఉన్నప్పుడు మీ నాన్న విసిరికొడితే పడింది. మీ నాన్నమ్మ ఆ గిన్నె తీసి కడిగి, మళ్ళీ ఉగ్గు కలుపుకుని వచ్చింది. నువ్వూ విసురు. తీసి కడిగి తెచ్చే వాళ్ళం ఇంతమందిమి ఉన్నాం.

కడుపునిండా తిను. కంటినిండా నిద్రపో. ఏరులాగ నీ దారి నువ్వు చూసుకుంటూ, దారిలో ఉన్నవాళ్ళ దాహం తీరుస్తూ సాగు. నిండు నూరేళ్ళు చల్లగా వర్ధిల్లు.

శతమానం భవతి."

ఎనభై ఏడు మాటలు. గొంతెత్తి చదివితే నిమిషం లోపే. "నువ్వూ విసురు" దగ్గర పెదనాన్న కాసేపు ఆగారు. శుభవేళ వస్తువు విసరమని చెప్పడమా అన్నారు. తరువాతి వాక్యం చదివాక ఉంచమన్నారు. మీ ఇంట్లో పట్టింపు ఎక్కువ ఉన్న వాళ్ళుంటే ఇలాంటి వాక్యాన్ని వాళ్ళకు ముందుగా చదివి వినిపించడం మంచిది. "నీ అంత ఉన్నప్పుడు" అన్నది నిజానికి సరికాదు, వాడు అప్పుడు కొన్ని నెలల వాడు, ఇది పదకొండు రోజుల పిల్ల. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది, "పాలపళ్ళు వచ్చే వేళకు" అని మార్చి పంపాను.

రాత, తేదీ

కంప్యూటర్లో టైపు చేసి అచ్చు వేయిస్తే, అచ్చయ్యే ముందు నమూనా కాగితం మీద చూడండి. తెరమీద బాగున్న ఒత్తులు ఫాంటు మారితే అచ్చులో విడిపోతాయి. "శతమానం భవతి" దగ్గర చిక్కు లేదు, "వర్ధిల్లు", "దీర్ఘాయుష్మతీ" దగ్గర వస్తుంది. నేను చేత్తోనే రాశాను. తప్పు పోతే కొట్టివేతలు లేకుండా మళ్ళీ మొదటి నుంచి రాశాను, నాలుగు కాగితాలు పోయాయి.

కింద తేదీ వేయాలి. తిథి, వారం కూడా రాస్తే మరో పది పదిహేనేళ్ళకు పనికొస్తుంది. తెలుగు సంవత్సరం పేరు రాసేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం. పంచాంగంలో అరవైలో ఒకటి మాత్రమే అని తెలిసినా, దీవెన కింద "పరాభవ" అని కనిపిస్తే చిన్నపిల్ల పెద్దయ్యాక అడుగుతుంది. ఆ ఏట రాసేవాళ్ళు మాసం, తిథి రాసి ఊరుకుంటే సరిపోతుంది. మా పాపది ఉగాదికి ముందే, మాఘంలో, అందుకని విశ్వావసు అని ధీమాగా రాశాను.

మిగతా బంధువులకు

మేనమామ రాసేటప్పుడు తల్లి వైపు కథ చెప్పాలి. మేనత్త తండ్రి చిన్ననాటిని చెప్పినట్టే, మేనమామ తన అక్కదో చెల్లెలిదో చిన్ననాటి సంగతి ఒకటి చెప్పవచ్చు. బాబు అయితే "తల్లీ" స్థానంలో "నాయనా", సంస్కృతం రాస్తే "దీర్ఘాయుష్మాన్ భవ". అమ్మమ్మ, నాన్నమ్మలు రాస్తే వస్తువు అవసరమే లేదు, బిడ్డను మొదట ఎత్తుకున్న క్షణంలో చేతికి ఏమనిపించిందో రెండు వాక్యాలు చాలు. ఆ వయసు వాళ్ళు కాగితం మీద రాయడానికి జంకితే, వాళ్ళు చెబుతుండగా మీరు రాసుకోండి, వాళ్ళ మాటను మీ పుస్తకాల భాషలోకి మార్చకండి.

తెలంగాణలో చాలా ఇళ్ళలో ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక చేస్తారు. అక్కడ దీవెనలో "ఉయ్యాల" అని రాసిన చోట "తొట్టెల" అని రాస్తే ఆ ఇంటి మాట అవుతుంది. గుంటూరు జిల్లాలోని ఒక ఇంట్లో బాలింత చేత బావిలో చేద వేయిస్తారు. ఆ రోజు ఆ ఇంట్లో జరిగే పని ఏదైనా సరే, దీవెనలో ఒక్క మాటగా తొంగిచూస్తే రాసినవాళ్ళు దూరాన ఉన్నా అక్కడ ఉన్నట్టే ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు వీడియోలో చదవాలని చూస్తారు. ముహూర్తం భారత కాలమానంలో ఉంటుంది, నెట్టు ఆ నిమిషంలోనే ఆగిపోతుంది. కాగితాన్ని ముందురోజే ఇంట్లో ఒకరికి పంపి వాళ్ళ చేత చదివించడం నయం.

ఫోనుకు పంపే చిన్న దీవెన కావాలంటే మూడు వాక్యాలు: పేరు ఎలా కుదిరిందో ఒకటి, ఒక కోరిక, ఒక ఆశీర్వచనం. "చిరంజీవి వాహినీ, నాన్నమ్మ గోదావరి నీ పేరులో చిన్న ఏరై వచ్చింది. కడుపునిండా తిని కంటినిండా నిద్రపో తల్లీ. శతమానం భవతి, నీ మేనత్త." చదివి వినిపించేది కాదు కాబట్టి ఇక్కడ సంతకం చివర ఉన్నా ఇబ్బంది లేదు.

బారసాల నాడు తమ్ముడు "నువ్వూ విసురు" దాకా బాగానే చదివాడట. అక్కడ నవ్వొచ్చి ఆగాడు. ముగిసిందనుకుని పెద్దత్త అక్షతలు వేసేసింది, ఆమెను చూసి మరో పదిమంది వేశారు. మిగతా సగం అక్షతల వాన కిందే చదివాడు, ఆఖరున మళ్ళీ గుప్పిళ్ళు నింపుకోవలసి వచ్చింది. నెల తరువాత నేను వెళ్ళినప్పుడు ఆ కాగితం ఉగ్గుగిన్నె డబ్బాలో మడిచి ఉంది. విప్పితే మడతలోంచి రెండు పసుపు గింజలు ఒళ్ళో పడ్డాయి.